ప్రాసెసర్ వేడెక్కితే థర్మల్ పేస్ట్ మార్చడం: ముందు కారణం తేల్చుకోవాలి, తర్వాతే స్క్రూలు విప్పాలి

ప్రశ్న: నా ల్యాప్‌టాప్ కొని ఐదేళ్లు దాటింది. వీడియో ఎక్స్‌పోర్ట్ మొదలుపెట్టగానే రెండు మూడు సెకన్లలో ప్రాసెసర్ 98 డిగ్రీలకు చేరుతోంది. పవర్ 22 వాట్ల దగ్గరే ఆగిపోతోంది, పని నత్తనడక నడుస్తోంది. ఫ్యాన్ గట్టిగా తిరుగుతోంది కానీ బయటికొచ్చే గాలి గోరువెచ్చగానే ఉంది. గదిలో 30 డిగ్రీలుంది. కొత్తలో ఇదే పనికి 45 వాట్ల వద్ద 90 డిగ్రీలు ఉండేది. థర్మల్ పేస్ట్ మార్చమంటున్నారు. నిజంగా పేస్ట్ వల్లేనా? నేనే మార్చుకోవచ్చా?

సమాధానం:

మీరిచ్చిన వివరాలను బట్టి లోపం ప్రాసెసర్‌కూ హీట్‌సింక్‌కూ మధ్య ఉన్న పొరలోనే ఉందని గట్టిగా అనుమానించవచ్చు. సరైన స్క్రూడ్రైవర్, కాస్త ఓపిక ఉంటే మీరే మార్చుకోవచ్చు కూడా. అయితే స్క్రూలు విప్పే ముందు ఆ అనుమానం ఎందుకు కలుగుతోందో తెలుసుకోవడం మంచిది, ఎందుకంటే ల్యాప్‌టాప్ వేడెక్కడానికి పేస్ట్ ఒక్కటే కారణం కాదు. దుమ్ము పట్టిన ఫ్యాన్‌ను వదిలేసి పేస్ట్ మార్చితే శ్రమంతా వృథా అవుతుంది.

మొదటి ఆధారం వేగం. ప్రాసెసర్‌లోని సిలికాన్ ముక్క బరువు గ్రాము కంటే తక్కువే కనుక అది వేడెక్కడానికి క్షణం చాలు. దాని మీద కూర్చున్న రాగి పలక, హీట్ పైపులు, రెక్కలు అన్నీ కలిపి దానికి ఎన్నో రెట్లు బరువుంటాయి కాబట్టి అవి వేడెక్కడానికి నిమిషాలు పడుతుంది. రెక్కల మధ్య దుమ్ము పేరుకుపోతే ఉష్ణోగ్రత నిమిషాల మీద మెల్లగా పెరుగుతుంది, పని ఆపాక మెల్లగా తగ్గుతుంది, బయటికొచ్చే గాలి తక్కువగా వచ్చినా చెయ్యి పెడితే బాగా వేడిగా తగులుతుంది. చిప్ నుంచి రాగి పలకకు వేడి దాటే చోటే లోపం ఉంటే చిప్ ఒక్కసారిగా 98కి ఎగబాకుతుంది, పని ఆపగానే అంతే వేగంగా పడిపోతుంది, గాలి మాత్రం గోరువెచ్చగానే ఉంటుంది, ఎందుకంటే వేడి అసలు రెక్కల దాకా చేరడం లేదు. మీ వర్ణన ఈ రెండో రకానికి సరిపోతోంది. ఆరోగ్యంగా ఉన్న ల్యాప్‌టాప్‌లో కూడా పని మొదలవగానే కొన్ని డిగ్రీల గెంతు సహజమేనని గుర్తుంచుకోండి. అనుమానించాల్సింది నేరుగా పరిమితిని తాకే గెంతును.

రెండో ఆధారం మీరిచ్చిన అంకెల్లోనే ఉంది. ఉష్ణోగ్రత ఒక్కటే చూస్తే మోసపోతాం, ఎందుకంటే ప్రాసెసర్ పరిమితిని తాకగానే తనంతట తానే వేగం తగ్గించుకుని అక్కడే ఆగుతుంది. కాబట్టి ఒక్కో వాటుకు ఎన్ని డిగ్రీలు పెరుగుతోందో లెక్కించాలి. ప్రాసెసర్ ఉష్ణోగ్రతలోంచి గది ఉష్ణోగ్రతను తీసేసి, వచ్చిన దాన్ని వాట్లతో భాగిస్తే చాలు.

```
కొత్తలో:  (90 - 30) / 45 = 1.33 డిగ్రీలు/వాట్
ఇప్పుడు:  (98 - 30) / 22 = 3.09 డిగ్రీలు/వాట్
```

అంటే వేడి బయటికి పోయే దారిలో అడ్డు రెట్టింపు కంటే ఎక్కువైంది. దారి మునుపటిలా ఉంటే ఇప్పటి 22 వాట్లకు మీ ప్రాసెసర్ 59 డిగ్రీల దగ్గర ఉండాలి. ఈ అంకెను రాసి పెట్టుకోండి, పని పూర్తయ్యాక ఫలితాన్ని దీనితోనే తూచాలి. విండోస్‌లో HWiNFO64 తెరిచి `CPU Package Power` అన్న వరుసలో వాట్లు, అదే విండోలో కోర్ల ఉష్ణోగ్రతలు చూడవచ్చు. లినక్స్‌లో lm-sensors, stress-ng ఉంటే ఒక టెర్మినల్‌లో మొదటి ఆదేశాన్ని, మరో టెర్మినల్‌లో రెండోదాన్ని నడపండి. sensors ఉష్ణోగ్రతలు చూపిస్తుంది, చాలా ల్యాప్‌టాప్‌లలో వాట్లు మాత్రం చూపకపోవచ్చు:

```
watch -n 1 sensors
stress-ng --cpu 0 --timeout 600s
```

పరీక్ష నడుస్తున్నప్పుడు కోర్ల మధ్య తేడాను కూడా గమనించండి. అన్ని కోర్లూ సమానంగా పనిచేస్తున్నా ఒకటి రెండు కోర్లు మిగిలిన వాటికంటే 15 డిగ్రీలకు మించి ఎక్కువగా ఉంటే, చిప్ మీద ఆ మూలన పేస్ట్ లేకుండా పోయి ఉండవచ్చు, లేదా హీట్‌సింక్ ఆ వైపు సరిగ్గా ఆనకపోయి ఉండవచ్చు.

ఇక పేస్ట్ చేసే పని ఏమిటో చూద్దాం. చిప్ ఉపరితలం, రాగి పలక ఉపరితలం రెండూ కంటికి నున్నగా కనిపించినా రెంటిలోనూ సన్నని గీతలు, గుంటలు, వంపులు ఉంటాయి. వాటిని ఒకదానిపై ఒకటి పెట్టి నొక్కినప్పుడు నిజంగా తాకేది కొద్ది చోట్ల మాత్రమే, మిగిలిన ఖాళీలో గాలి చిక్కుకుంటుంది. రాగి ఉష్ణ వాహకత మీటరు-కెల్విన్‌కు సుమారు 400 వాట్లు, గాలిది 0.026 మాత్రమే. మంచి థర్మల్ పేస్ట్‌లు 4 నుంచి 10 ప్రాంతంలో ఉంటాయి. అంటే రాగితో పోలిస్తే పేస్ట్ చాలా నాసిరకం వాహకం, గాలితో పోలిస్తే మాత్రం వందల రెట్లు మేలు. రాతి గోడలో బరువు మోసేది రాళ్లు, వాటి మధ్య సందులు పూడ్చేది సున్నం. పేస్ట్ పాత్ర కూడా అంతవరకే. అందుకే అది వీలైనంత పలచగా ఉండాలి, కానీ ఎక్కడా ఖాళీ ఉండకూడదు.

దీన్ని ఒక లెక్కతో చూపిస్తాను. పొర మందం t, వాహకత k, చిప్ వైశాల్యం A, వాట్లు P అయితే పొరకు అటూ ఇటూ ఉండే ఉష్ణోగ్రత తేడా ఇలా వస్తుంది:

```
ΔT = P × t / (k × A)
```

చిప్ వైశాల్యం 150 చదరపు మిల్లీమీటర్లు, పవర్ 45 వాట్లు అనుకుందాం. వాహకత 5 ఉన్న మామూలు పేస్ట్ 0.05 మిల్లీమీటర్ల మందాన పరుచుకుంటే ఆ పొర దగ్గర పోయేది 3 డిగ్రీలే. దాని స్థానంలో రెట్టింపు వాహకత ఉన్న ఖరీదైన పేస్ట్ వాడితే 1.5 డిగ్రీలు, అంటే దక్కే లాభం డిగ్రీన్నర. అదే మామూలు పేస్ట్ పొర 0.3 మిల్లీమీటర్ల మందంగా మిగిలిపోతే తేడా 18 డిగ్రీలకు పెరుగుతుంది. పేస్ట్‌కు బదులు 0.05 మిల్లీమీటర్ల గాలి పొర చిప్ మొత్తాన్ని కప్పేస్తే లెక్కలో 570 డిగ్రీలు దాటుతుంది, అంటే ఆ దారిన వేడి దాదాపు పోనే పోదు. ఏ బ్రాండ్ కొనాలన్న ప్రశ్న మీదే చర్చలు సాగుతుంటాయి గానీ, నా అనుభవంలో ఫలితాన్ని తేల్చేది పొర పలచదనం, నాలుగు మూలలా సమానంగా పడే ఒత్తిడి. తయారీదారులు ప్యాకెట్ మీద వేసే వాహకత అంకెలు ఒకే పద్ధతిలో కొలిచినవి కావు కాబట్టి రెండు ప్యాకెట్లను ఆ అంకెలతో పోల్చడం వల్ల పెద్దగా తెలిసేదీ ఉండదు.

ఐదేళ్లలో ఆ పొరకు ఏమవుతుంది? ఎండిపోవడం ఒక కారణం. పేస్ట్ అంటే సిలికోన్ నూనె లాంటి ద్రవంలో జింక్ ఆక్సైడ్, అల్యూమినియం ఆక్సైడ్ వంటి వాటి పొడి కలిపిన ముద్ద. కాలం గడిచే కొద్దీ ద్రవం విడిపోయి పొడి మిగిలి బీటలు వారుతుంది. ల్యాప్‌టాప్‌లలో దీనికంటే తరచుగా కనిపించేది మరొకటి ఉంది. సిలికాన్, రాగి వేడికి ఒకే మేరకు వ్యాకోచించవు. ప్రాసెసర్ 50 నుంచి 95కు, మళ్లీ 50కి వెళ్లిన ప్రతిసారీ రెండు ఉపరితలాల మధ్య సూక్ష్మమైన కదలిక జరిగి పేస్ట్‌ను కొద్దికొద్దిగా అంచులకు తోసేస్తుంది. చివరికి అత్యధిక వేడి పుట్టే మధ్య భాగంలోనే పొర పలచబడి గాలి చేరుతుంది. డెస్క్‌టాప్ ప్రాసెసర్‌లకు పైన లోహపు మూత ఉండి వేడిని పరుస్తుంది కాబట్టి వాటిలో ఈ బాధ తక్కువ. ల్యాప్‌టాప్‌లలో చిప్ నేరుగా రాగికి ఆనుతుంది.

పని మొదలుపెట్టే ముందు సామగ్రి సిద్ధం చేసుకోండి. మీ మోడల్‌కు సరిపోయే స్క్రూడ్రైవర్లు, మూత తెరవడానికి పలచని ప్లాస్టిక్ ముక్క, 90 శాతానికి తగ్గని ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నూగు రాలని గుడ్డ, విద్యుత్తును ప్రసరింపజేయని థర్మల్ పేస్ట్ కావాలి. మొదటిసారి చేస్తున్నవారు లిక్విడ్ మెటల్ జోలికి వెళ్లవద్దు. అది గాలియం మిశ్రమం. విద్యుత్తును ప్రసరింపజేస్తుంది, ఒక్క బొట్టు పక్కకు జారినా మదర్‌బోర్డు పోవచ్చు, అల్యూమినియాన్ని తినేస్తుంది కూడా. టూత్‌పేస్ట్ పూయమనే సలహా కనిపిస్తే పట్టించుకోకండి. అందులో తడి ఉన్నంతసేపే పనిచేస్తుంది, ఆ తర్వాత ఎండి పెళుసైపోతుంది. వారంటీ ఇంకా మిగిలి ఉంటే తెరవడం వల్ల దానికి ఇబ్బంది ఉందో లేదో ముందే చదువుకోండి.

విప్పే ముందు కొద్ది నిమిషాలు ఏదైనా బరువైన పని నడిపి ల్యాప్‌టాప్‌ను వేడి చేయండి, పాత పేస్ట్ మెత్తబడి పట్టు వదులుతుంది. ఆ తర్వాత పూర్తిగా షట్‌డౌన్ చేసి, చార్జర్ తీసేసి, అడుగు మూత స్క్రూలు విప్పండి. అవి ఒకే పొడవులో ఉండకపోవచ్చు కాబట్టి ఏది ఎక్కడిదో కాగితం మీద బొమ్మ గీసి ఆ స్థానాల్లోనే పెట్టుకోండి. పొట్టి స్క్రూ రంధ్రంలో పొడవుది బిగిస్తే కీబోర్డు వైపు పొడుచుకు రావచ్చు. మూత తీయగానే చేయాల్సిన మొదటి పని బ్యాటరీ కనెక్టర్‌ను ఊడదీయడం. వైర్లు పట్టి లాగకుండా కనెక్టర్ ప్లాస్టిక్ అంచును పట్టుకుని తీయండి. తర్వాత పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే మిగిలిన విద్యుత్తు పోతుంది. లోపలి భాగాలను ముట్టుకునే ముందు పెయింట్ లేని ఏదైనా పెద్ద లోహపు వస్తువును తాకి ఒంట్లోని స్థిర విద్యుత్తును వదిలించుకోండి.

చాలా ల్యాప్‌టాప్‌లలో హీట్‌సింక్ స్క్రూల దగ్గర 1, 2, 3, 4 అని అంకెలు ముద్రించి ఉంటాయి. బిగించేటప్పుడు ఆ వరుస, విప్పేటప్పుడు దానికి వ్యతిరేక వరుస పాటించాలి. ఒక స్క్రూను పూర్తిగా విప్పి రెండోదానికి వెళ్లకుండా ఒక్కోదాన్ని కొద్దికొద్దిగా వదులు చేస్తూ తిరగండి. ఒక మూల బిగుతుగా, ఎదురు మూల వదులుగా ఉంటే ఒత్తిడంతా చిప్ అంచు మీద పడుతుంది. మూత లేని సిలికాన్ చిప్ అంచు చిట్లడానికి అది చాలు. హీట్‌సింక్ వెంటనే రాకపోతే స్క్రూడ్రైవర్‌తో కుళ్లగించకుండా, మెల్లగా అటూ ఇటూ అతి కొద్దిగా తిప్పండి. అంటుకున్న పేస్ట్ అలా పక్కకు తిప్పితే త్వరగా వదులుతుంది, పైకి లాగితే మాత్రం గట్టిగా పట్టుకుంటుంది.

పైకెత్తాక వెంటనే తుడిచేయకండి. పాత పేస్ట్ మీది ముద్రను వెలుతురులో ఒక నిమిషం చూడండి, జబ్బు ఏమిటో అదే చెబుతుంది. చిప్ మధ్యలో పొర దాదాపు మాయమై సిలికాన్ అద్దంలా మెరుస్తూ, అంచుల చుట్టూ మందమైన కట్ట కనిపిస్తే పేస్ట్ పక్కకు తోసుకుపోయిందని అర్థం. మొత్తం పొర పొడిగా ఉండి గోటితో తాకితే రాలిపోతుంటే ఎండిపోయిందని అర్థం. ఒక వైపు పలచగా, ఎదురు వైపు మందంగా ఉంటే మాత్రం అది పేస్ట్ లోపం కాదు, హీట్‌సింక్ ఏటవాలుగా కూర్చుంది. స్క్రూ పోస్టు విరిగిందా, రాగి పలక వంగిందా, ఏదైనా ప్యాడ్ ఎత్తుగా ఉందా అని వెతకాలి. ఈ కారణాన్ని సరిచేయకుండా ఎంత మంచి పేస్ట్ పూసినా అదే పరిస్థితి తిరిగి వస్తుంది. ఫోటో తీసి ఉంచుకుంటే తర్వాత పనికొస్తుంది.

పొడి గుడ్డతో ముందు ముద్దను తీసి, తర్వాత ఆల్కహాల్ అద్దిన గుడ్డతో చిప్‌ను, రాగి పలకను తుడవండి. గుడ్డ మీద మరక పడడం ఆగేదాకా తుడవాలి. చిప్ చుట్టూ ఉండే చిన్న చిన్న కెపాసిటర్ల మీద గుడ్డతో గట్టిగా రుద్దవద్దు, అవి ఊడిపోతాయి. అక్కడ పాత పేస్ట్ కొద్దిగా మిగిలినా, అది విద్యుత్తును ప్రసరింపజేయని రకమైతే నష్టం లేదు. హీట్‌సింక్ చేతిలో ఉన్నప్పుడే రెక్కల మధ్య దుమ్మును బ్రష్‌తో దులపండి. ఫ్యాన్ వైపు నుంచి చూస్తే రెక్కల ముఖం మీద చాపలా అల్లుకున్న దుమ్ము చాలాసార్లు కనిపిస్తుంది, బయటి నుంచి గాలి ఊదితే అది రాదు. తుడిచిన ఉపరితలాలను ఆరనిచ్చి, మళ్లీ వేలితో ముట్టుకోకండి.

ఇక్కడ చాలామంది పట్టించుకోని భాగం థర్మల్ ప్యాడ్‌లు. గ్రాఫిక్స్ మెమరీ మీద, ప్రాసెసర్‌కు విద్యుత్తునిచ్చే భాగాల మీద మెత్తని ప్యాడ్‌లు ఉంటాయి. అవి చెక్కుచెదరకుండా ఉంటే కదిలించకుండా ఉన్నచోటే ఉంచండి. చిరిగితే అదే మందం ఉన్న కొత్తవి పెట్టాలి. సాధారణంగా 0.5, 1, 1.5 మిల్లీమీటర్లలో దొరుకుతాయి, ఒకే హీట్‌సింక్ మీద రెండు మూడు మందాలు ఉండడం మామూలే. 1 మిల్లీమీటర్ ఉండాల్సిన చోట 1.5 పెడితే అది హీట్‌సింక్‌ను ఒక పక్కకు ఎత్తి, ప్రాసెసర్ దగ్గర ఖాళీ సృష్టిస్తుంది. పేస్ట్ మార్చాక వేడి ఇంకా పెరిగిందని వచ్చే ఫిర్యాదుల్లో నేను ముందుగా అడిగేది ప్యాడ్‌ల గురించే. సన్నగా ఉందని ప్యాడ్ స్థానంలో పేస్ట్ నింపడమూ పనికిరాదు, అంత సందును అది పూడ్చలేదు.

పేస్ట్ ఎంత వేయాలన్నది చిప్ మీద లోహపు మూత ఉందా లేదా అన్న దాన్ని బట్టి ఉంటుంది. డెస్క్‌టాప్‌లలో మూత మధ్యన 5 మిల్లీమీటర్ల వెడల్పున్న ఒక చుక్క పెట్టి కూలర్‌ను బిగిస్తే ఒత్తిడికి అదే పరుచుకుంటుంది. మీ ల్యాప్‌టాప్‌లో చిప్ మొత్తం కప్పబడాలి, ఒక్క మూల ఖాళీగా మిగిలినా అక్కడి కోర్ వేడెక్కుతుంది. కాబట్టి చిప్ పొడవునా మధ్యలో సన్నని గీత వేసి, పేస్ట్‌తో పాటు వచ్చే చిన్న ప్లాస్టిక్ పలకతో నాలుగు అంచుల దాకా పలచగా పరచండి. కింద సిలికాన్ రంగు కనిపించకుండా ఉండాలి, అంతకు మించి గుట్టగా ఉండకూడదు. కొంచెం ఎక్కువైతే బిగించినప్పుడు పక్కలకు వస్తుంది, చూడటానికి బాగోదు తప్ప పెద్ద ప్రమాదం లేదు. తక్కువైతే మాత్రం ఖాళీ మిగులుతుంది. కనుక సందేహం వస్తే అణువంత ఎక్కువ వైపే ఉండండి.

హీట్‌సింక్‌ను సూటిగా పై నుంచి దించి, ఒకసారి తాకాక మళ్లీ ఎత్తకండి. ఎత్తితే పొరలో గాలి బుడగలు చేరతాయి, తుడిచి మళ్లీ మొదటి నుంచి పూయాల్సిందే. స్క్రూలను 1, 2, 3, 4 వరుసలో ఒక్కోదాన్ని సగం చుట్టు చొప్పున బిగిస్తూ, అవి తమంతట తాము ఆగేదాకా వెళ్లండి. ఆగాక బలవంతంగా మరో పావు చుట్టు తిప్పితే మేలేమీ జరగదు, బోర్డు వంగుతుంది. ఫ్యాన్ కనెక్టర్ తిరిగి పెట్టారో లేదో చూసుకుని, బ్యాటరీని అన్నింటికంటే చివర కలపండి.

ఆన్ చేశాక ఫ్యాన్ తిరుగుతోందో లేదో వినండి, తర్వాత మునుపటి పరీక్షనే అదే గదిలో, అదే బల్ల మీద, అదే ఫ్యాన్ సెట్టింగ్‌తో పది నిమిషాలు నడపండి. ఇక్కడ చాలామంది నిరాశపడేది ఉష్ణోగ్రత అంకెను మాత్రమే చూసి. ముందు 98 ఉండేది, ఇప్పుడూ 91 ఉందంటే ఇంతేనా అనిపిస్తుంది. కానీ ప్రాసెసర్ దొరికిన వెసులుబాటునంతా వేగానికే వాడుకుంటుంది. ఇప్పుడు అదే 91 డిగ్రీల వద్ద 44 వాట్లు తీసుకుంటుంటే లెక్క ఇలా మారుతుంది:

```
(91 - 30) / 44 = 1.39 డిగ్రీలు/వాట్
```

అంటే మీ ల్యాప్‌టాప్ దాదాపు కొత్తలో ఉన్న స్థితికి వచ్చింది, వీడియో ఎక్స్‌పోర్ట్ సమయం కూడా తగ్గి కనిపిస్తుంది. ఈ అంకె 1.5 లోపు వస్తే పని బాగా జరిగినట్టే. 2 దాటితే మళ్లీ తెరిచి ముద్ర చూడండి. ముద్ర సమానంగా, పలచగా ఉండి కూడా వేడి తగ్గకపోతే, గాలి ఇంకా గోరువెచ్చగానే వస్తుంటే అనుమానం హీట్ పైపు మీదికి వెళ్లాలి. పైపులో ఉండే కొద్దిపాటి ద్రవం ఆవిరై, రెక్కల దగ్గర చల్లబడి తిరిగి వస్తూ వేడిని మోస్తుంది. ఎక్కడైనా చీలి ఆ ద్రవం పోయినా, పైపు నొక్కుకుపోయినా చిప్ వైపు కాలిపోతుంటే రెక్కల వైపు చల్లగా ఉంటుంది. దానికి పేస్ట్‌తో చేయగలిగింది లేదు, హీట్‌సింక్ మొత్తం మార్చాలి.

డెస్క్‌టాప్ ఉన్నవారికి ఒక హెచ్చరిక. ఏఎండీ ఏఎం4 సాకెట్‌లో ప్రాసెసర్‌ను పట్టి ఉంచేది దాని కాళ్లను సాకెట్ లోపల బిగించే పట్టు మాత్రమే. పేస్ట్ గట్టిపడితే కూలర్‌ను లాగినప్పుడు ప్రాసెసర్ సాకెట్ తాళం వేసి ఉండగానే దానితో పాటు ఊడి వచ్చి కాళ్లు వంగవచ్చు. అందుకే కంప్యూటర్ వేడిగా ఉన్నప్పుడే విప్పి, కూలర్‌ను ముందు అటూ ఇటూ తిప్పి, పట్టు వదిలిందని తెలిశాకే పైకెత్తాలి. రైజెన్ 7000 వరుస ప్రాసెసర్‌లు భారీ పనిలో 95 డిగ్రీల దాకా వెళ్లడం వాటి రూపకల్పనలో భాగమే, ఆ అంకె చూసి పేస్ట్ మార్చాల్సిన పని లేదు.

మీ ల్యాప్‌టాప్ విషయంలో పాత ముద్ర మధ్యలో ఖాళీగా కనిపించి, కొత్త పేస్ట్ పూశాక కూడా కొన్ని నెలలకే డిగ్రీలు/వాట్ అంకె మళ్లీ పైకి పాకుతుంటే, పలచని పేస్ట్‌ను మళ్లీ మళ్లీ పూయడం ఆపి చిక్కటి రకానికి గానీ ఫేజ్ చేంజ్ షీట్‌కు గానీ మారండి. హనీవెల్ సంస్థ పీటీఎం 7950 ఈ రకానిదే. గది ఉష్ణోగ్రతలో గట్టిగా ఉండి, 45 డిగ్రీల ప్రాంతంలో మెత్తబడి సందులన్నీ పూడ్చుకుంటుంది, మామూలు పేస్ట్‌లా సులువుగా అంచులకు తోసుకుపోదు. చిప్ కొలతకు కత్తిరించి, రెండు వైపులా ఉండే పొరలను ఒలిచి అతికించాలి. కాసేపు ఫ్రిజ్‌లో ఉంచితే ఆ పొరలు చిరగకుండా వస్తాయి. మొదటి కొన్ని సార్లు వేడెక్కి చల్లారాకే అది పూర్తిగా సర్దుకుంటుంది, కాబట్టి దాని ఫలితాన్ని మొదటి రోజు అంకెతో కాకుండా కొద్ది రోజులు వాడాక తీసిన అంకెతో చూసుకోండి.